ఖాళీ ఫొటో చెప్పే సంగతి

నల్లమల కాలిబాట పక్కన చెట్టుకు కట్టిన కెమెరాలో జంతువు లేని ఫొటోలు మధ్యాహ్నం పూట వరుసగా వచ్చాయంటే, ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగిందన్నమాట. సెన్సర్ పట్టుకునేది కదిలే వేడినే. ముందున్న గడ్డి కోసేయాలి. ఆ ఎండలోనే జంతువు ఒంటి వేడికీ పరిసరాల వేడికీ తేడా తగ్గి, సెన్సర్ చూపు దగ్గరికే పరిమితమవుతుంది.

రాత్రి ఖాళీ ఫొటో ఒక్కటే వస్తే నా అనుమానం కెమెరా ఆలస్యం మీదే. సెకనుకు 1.5 మీటర్లు నడిచే చిరుత, కెమెరా తేరుకునే 1.5 సెకన్లలో 2.25 మీటర్లు దాటిపోతుంది. 40 డిగ్రీల లెన్సుకు 3 మీటర్ల దూరంలో కనిపించే వెడల్పు దాదాపు అంతే! అర సెకనులో స్పందించే కెమెరా అయితే దాన్ని ఫ్రేములోనే పట్టేస్తుంది.

పాత కెమెరానైనా దారికి 45 డిగ్రీలు ఓరగా తిప్పితే జంతువు ఫ్రేములో ఎక్కువసేపు ఉంటుంది. పూర్తిగా దారి వెంట మాత్రం తిప్పొద్దు. నేరుగా ఎదురొచ్చే జంతువును సెన్సర్ ఆలస్యంగా గుర్తిస్తుంది.