‘వాళ్ళు’ అంటే ఏ వాళ్ళు?

ఒక దినపత్రికలో జిల్లా ఎడిషన్ ఆలస్యమైందనుకుందాం. పైగా చివర్లో మార్చిన పేజీకి బదులు పాత పేజీయే అచ్చయింది. మర్నాడు డెస్క్‌కీ ప్రెస్‌కీ మధ్య మాటామాటా పెరిగింది. రెండు వైపులా విన్న మేనేజరు పొడుగాటి మెయిల్ రాశాడు. అందులో చిక్కంతా ఈ ముక్కలో ఉంది:

“డెస్క్ వాళ్ళు ప్రెస్ వాళ్ళతో మాట్లాడారు. పేజీలు 11.30కే పంపామన్నారు. అవి తెరుచుకోలేదని వాళ్ళు చెప్పారు. 12.10కి మార్చిన పేజీ పంపారు కానీ చూసుకోలేదు. దానివల్లే పొరపాటు జరిగింది. ఇకమీద వాళ్ళు ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలని అనుకున్నాం.”

మొదట తేలికైనవి. ‘పంపామన్నారు’కి కర్త కనిపించదు. అయినా ‘పంపాము’ అనే క్రియలోనే ‘మేము’ దాగి ఉంది కాబట్టి, అన్నవాళ్ళూ పంపినవాళ్ళూ ఒకరే. పేజీలు పంపేది డెస్క్, కనుక ఆ మాట డెస్క్‌ది. వచ్చిన పేజీలు తెరిచేది ప్రెస్, కనుక తర్వాతి ‘వాళ్ళు’ ప్రెస్. క్రియ చివర ఉన్న ప్రత్యయమూ, ఎవరి పని ఏమిటన్న ఎరుకా కలిసి ఈ రెంటినీ తేల్చేశాయి.

ఆ ఎరుకకు ఎంత బలముందో చూపే ఉదాహరణ ఒకటి ప్రసిద్ధం. అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త టెరీ వినోగ్రాడ్ 1972లో దాన్ని ఇచ్చాడు. నగర పాలకులు నిరసనకారులకు అనుమతి నిరాకరించారు. కారణం ‘వాళ్ళు’ హింసకు భయపడటం. ఇక్కడ వాళ్ళంటే పాలకులని ఎవరైనా చెబుతారు. భయపడటానికి బదులు హింసను సమర్థించడం అని మారిస్తే, అదే ‘వాళ్ళు’ నిరసనకారులైపోతారు. వ్యాకరణం ఇసుమంతైనా మారలేదు. తేల్చింది లోకజ్ఞానం.

తగాదా మెయిల్‌లో ఇబ్బంది సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. ఎవరు ఏం చేశారు, ఎవరు ఏం చేయాలి అన్నదే అక్కడ వివాదం. సర్వనామాన్ని తేల్చాల్సిన ఎరుకనే ఇరుపక్షాలూ ఒప్పుకోవు. అందుకే ఒకే వాక్యాన్ని ఎవరికి వాళ్ళు తమకు అనుకూలంగా చదువుకుంటారు, అదీ ఏ దురుద్దేశమూ లేకుండా.

‘చూసుకోలేదు’ చూడండి. తెలుగులో ‘లేదు’తో ముగిసే క్రియ నేను, నువ్వు, వాళ్ళు, అది అందరికీ ఒక్కటే. కర్తను వదిలేస్తే ఆనవాలు మిగలదు. డెస్క్ పంపేముందు పేజీని సరిచూసుకోలేదా? ప్రెస్ కొత్త పేజీ వచ్చిందని గమనించలేదా? ముందు వాక్యఖండంలోని కర్తనే కొనసాగించడం చదివేవాళ్ళ అలవాటు కాబట్టి నింద డెస్క్ మీదికి వాలుతుంది. కానీ మేనేజరు ఉద్దేశం ప్రెస్ కావచ్చు. తర్వాతి ‘దానివల్లే’ కూడా ఈ సందిగ్ధం మీదే నిలబడింది.

ఇలాంటి చోట ప్రతి సర్వనామం స్థానంలో ఒక్కో పేరూ పెట్టి చదవాలి. ఒక పేరే అతికితే సరే. రెండూ అతికితే ఊహించకూడదు, మెయిల్ బయట వెతకాలి. 12.10కి పంపిన ఫైల్ తెరిస్తే అందులో ఉన్నది కొత్త పేజీయో పాతదో తెలిసిపోతుంది. పాతదే అయితే తప్పు డెస్క్‌ది. కొత్తదే అయితే ప్లేట్ ఎప్పుడు తీశారో చూడాలి. 12.10కి ముందే తీసి ఉంటే, పేజీ వచ్చేసరికే ఆలస్యమైందన్నమాట. తర్వాత తీసి ఉంటే ప్రెస్ గమనించలేదు.

అయితే ఈ ఆధారాలు జరిగింది చెబుతాయి గాని, రాసినవాడి మనసులో ఉన్నది చెప్పవు. చివరి వాక్యానికి ఆ తోవే లేదు, అది ఇంకా జరగని పని. ఫోన్ చేయాల్సింది పంపినవాళ్ళా, అందుకున్నవాళ్ళా? రెండూ సబబే. ‘అనుకున్నాం’లోనూ చిక్కుంది: ‘మేము’కీ ‘మనం’కీ క్రియారూపం ఒకటే. ప్రెస్ కూడా ఒప్పుకుందా, లేక డెస్కూ మేనేజరూ కలిసి నిర్ణయించారా? రాసినవాడినే అడగాలి. “కొంచెం వివరంగా చెప్పండి” అంటే మరో పొడుగాటి మెయిలే వస్తుంది. “ఫోన్ చేయాల్సింది డెస్కా, ప్రెస్సా సార్?” అంటే ఒక్క మాటలో జవాబొస్తుంది.

మెయిల్ అంతటా సర్వనామాలు తీసేయనక్కర్లేదు. అలా చేస్తే అది దస్తావేజులా బిగుసుకుపోతుంది. తప్పు ఎవరిదో, ఇకపై బాధ్యత ఎవరిదో చెప్పే వాక్యాల్లో పేర్లు రాస్తే చాలు. మేనేజరు జవాబిచ్చాక ఆ ముక్క ఇలా మారింది:

“పేజీలు తాము 11.30కే పంపామని డెస్క్ చెప్పింది. ఆ ఫైళ్ళు తెరుచుకోలేదని ప్రెస్ చెప్పింది. 12.10కి డెస్క్ మార్చిన పేజీ పంపింది. అది వచ్చినట్టు ప్రెస్ గమనించలేదు. ప్రెస్ పాత పేజీకే ప్లేట్ తీయడంవల్ల పొరపాటు జరిగింది. ఇకమీద పేజీ మారిస్తే డెస్క్ ఫోన్ చేయాలి. దీనికి డెస్క్, ప్రెస్ రెండూ ఒప్పుకున్నాయి.”

ఫైళ్ళు ఎందుకు తెరుచుకోలేదన్న తగాదా మాత్రం ఇంకా తెగలేదు.