ముత్తవ్వ పాడిన పాట ఏ భాషది?

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో గ్రేట్ బ్యారింగ్టన్ అనే చిన్న ఊరుంది. 1868లో ఆ ఊళ్లో పుట్టిన ఒక నల్లజాతి పిల్లవాడు తల్లి తరఫువాళ్ల దగ్గర ఒక పాట వింటూ పెరిగాడు. అది ఇంగ్లిష్ పాట కాదు. ఏ భాషదో, ఏం చెబుతోందో ఇంట్లో పెద్దవాళ్లకూ తెలియదు. తాతగారి నాయనమ్మ పాడేదట, అంతే. ఆఫ్రికాలో ఒక డచ్ వ్యాపారి చేతికి చిక్కి, హడ్సన్ నదీ తీరాల చలిలోకి వచ్చిపడ్డ మనిషి ఆమె. మోకాళ్ల మధ్య బిడ్డను కూర్చోబెట్టుకుని ఊగుతూ కూనిరాగం తీసేదట.

ఆ పిల్లవాడే తర్వాతి రోజుల్లో ప్రపంచమెరిగిన పండితుడు, నల్లవారి హక్కుల పోరాటయోధుడు డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్. 1903లో వచ్చిన ‘ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’ చివరి అధ్యాయంలో ఆయన ఆ పాటను స్వరాలతో సహా అచ్చువేశాడు. మా పెద్దల్లాగే మాకూ మాటల అర్థం తెలియదు, రాగం చెప్పేది మాత్రం తెలుసు అన్నట్టుగా రాశాడు. ‘డార్క్‌వాటర్’లో మళ్లీ ఆ పాట దగ్గరికి వచ్చాడు, ‘డస్క్ ఆఫ్ డాన్’లోనూ వచ్చాడు. చిన్నప్పుడు విన్నదాన్ని జీవితమంతా అడుగుతూనే ఉన్నాడన్నమాట.

అర్థం ఎందుకు దొరకలేదు? ఆఫ్రికా భాషలు తెలిసినవాళ్లు లోకంలో లేకనా? కాదు. డుబాయిస్ చెవిన పడేసరికే ఆ పాట ముత్తవ్వ పాడిన పాటగా లేదు. ఆమె కొడుకు, మనవడు, మనవడి కూతురు, ఆ తర్వాత ఈ పిల్లవాడు. ఇన్ని నోళ్లు దాటింది. తొలి గొంతు ఒక్కటే ఆ భాష తెలిసినది. మిగిలినవాళ్లంతా తమకు తెలిసిన భాష చెవులతో విని, ఆ భాష నాలుకతో తిరిగి పాడినవాళ్లు. పిల్లల చెవి పరాయి శబ్దాన్ని యథాతథంగా పట్టుకోదు. తనకు తెలిసిన శబ్దాల్లో దగ్గరగా ఉన్నదాన్ని తెచ్చి అక్కడ పెట్టేస్తుంది.

మన ఇళ్లలో జరగగల సంగతే చూడండి. కరీంనగర్ నుంచి అమెరికా వెళ్లిన అవ్వ అక్కడ పుట్టిన మనవణ్ని ఒళ్లో వేసుకుని “పండుకో నాన్నా, పండుకో” అని పాడుతోందనుకుందాం. పిల్లవాడికి ఇంగ్లిష్ తప్ప మరోటి రాదు. ఇంగ్లిష్ చెవికి ‘డ’కూ ‘ద’కూ తేడా చిక్కదు, ‘న’కూ ‘న్న’కూ తేడా అసలే చిక్కదు. ఎక్కడ ఒక మాట ముగిసి ఇంకోటి మొదలైందో తెలియదు. వాడు పెద్దయ్యాక గుర్తున్నది గుర్తున్నట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో గుచ్చి రాస్తాడు. ఆ కాగితం ఒక తెలుగాయన చేతికి వస్తే, “పండు కొన్నానా... పండు కో...” అని చదివి, ఇదేదో పళ్లు కొనుక్కునే పాటలా ఉందే అంటాడు. వాడి చెవి కలిపేసిన శబ్దాలు సగం తప్పు, ఈయన విడగొట్టిన తీరు సగం తప్పు. పాట ఏమో నిద్రపొమ్మంటోంది.

ఇంత జరిగినా కొన్ని సంగతులు నిలిచాయి గమనించండి. అక్షరాలు కాస్త అటూ ఇటూ అయినా లయ చెడలేదు, ఎందుకంటే రాగం వాటిని పట్టుకుని ఉంది. మళ్లీ మళ్లీ వచ్చే ముక్క పోలేదు. ఇంకా పెద్ద ఆధారం ఒకటుంది. ‘పడుకో’ కాకుండా ‘పండుకో’ అని ఉంది కాబట్టి, తెలుగు బాగా ఎరిగినవాళ్లు ఈ అవ్వ కోస్తా మనిషి కాకపోవచ్చని, తెలంగాణ వైపో రాయలసీమ వైపో వెతకాలని చెప్పగలరు. మాట చెడిపోయినా అందులో ఊరు మిగిలింది.

డుబాయిస్ పాటకు ఈ అదృష్టం పట్టలేదు. అది చాలా చిన్నది. అందులో సగం ఒకే ముక్క మళ్లీ మళ్లీ రావడమే. ఆ ముక్క నిజంగా మాటో, మన ‘జోజో’, ‘ళుళుళు’ లాంటి ఉత్త శబ్దమో కూడా చెప్పలేం. నాలుగైదు చిన్న శబ్దాలు చేతికిస్తే ఏ భాషలోనైనా ఏదో ఒక అర్థం లాగవచ్చు, చిక్కంతా అక్కడే. ముత్తవ్వ బంటూ జాతి మనిషని డుబాయిస్ రాశాడు. అంటే మధ్య, దక్షిణాఫ్రికా వైపు. ఆయన జీవిత చరిత్ర రాసిన డేవిడ్ లెవరింగ్ లూయిస్ అది పశ్చిమాన సెనెగల్, గాంబియా ప్రాంతపు వొలోఫ్ భాష కావచ్చని, బందీ అయిన మనిషి విడిపించమని వేడుకోవడం కావచ్చని ఊహించాడు. వొలోఫ్ బంటూ భాష కాదు. రెండు ఊహల మధ్య ఎన్నో దేశాలున్నాయి. విడుదల కోరే పాట అన్న అర్థం మనసుకు హత్తుకుంటుంది నిజమే. అందుకే దాన్ని మరింత అనుమానంగా చూడాలని నాకనిపిస్తుంది. ఆమె కథ మనకు ముందే తెలుసు, ఆ కథకు సరిపోయే అర్థాన్నే చెవి వెతుక్కుంటుంది.

అదే అమెరికాలో, ఇలాగే అర్థం పోయిన ఇంకో పాట తన ఊరు చేరింది. జార్జియా తీరంలోని హ్యారిస్ నెక్‌లో అమీలియా డాలీ అనే ఆమె పెద్దల నుంచి వచ్చిన పాట పాడేది. 1930ల మొదట్లో లొరెంజో డౌ టర్నర్ అనే నల్లజాతి భాషావేత్త రికార్డింగ్ యంత్రంతో ఆ ఊరు వెళ్లి ఆమె గొంతు పట్టుకున్నాడు. అమీలియాకు అర్థం తెలియదు. కానీ సియెర్రా లియోన్ నుంచి వచ్చిన ఒక విద్యార్థి విని, ఇది మా దేశపు మెండే భాష అన్నాడు. టర్నర్ 1949లో తన పుస్తకంలో పాటనూ అర్థాన్నీ అచ్చువేశాడు.

దశాబ్దాల తర్వాత చరిత్రకారుడు జోసెఫ్ ఒపాలా, సంగీత పరిశోధకురాలు సింథియా ష్మిట్, మెండే భాషావేత్త తాజియెఫ్ కొరోమా ఆ రికార్డు పట్టుకుని సియెర్రా లియోన్‌లో వెతికారు. పాటలోని ఒక మాట మెండే మాట్లాడే అందరిదీ కాదని, దక్షిణాన ఒక ప్రాంతపు యాసదని కొరోమా పసిగట్టాడు. మన ‘పండుకో’ లాంటి ఆధారం. వెతకాల్సిన నేల ఒక్కసారిగా తగ్గిపోయింది. సెనెహున్ న్గోలా అనే పల్లెలో బైందు జబాటి అనే ఆమె ఆ పాటకు చాలా దగ్గరి పాట పాడింది. ఆమెకు నేర్పింది ఆమె అవ్వే. అక్కడ అది చావు పాట, సమాధి దగ్గర ఆడవాళ్లు పాడేది. జార్జియాలో మాత్రం పిల్లల ఆటపాటగా మిగిలింది. మాటలు చాలావరకు నిలిచి, సందర్భం పూర్తిగా మారిపోయింది. అమీలియా కూతురు మేరీ మొరాన్ 1997లో ఆ పల్లెకు వెళ్లి బైందును కలిసింది.

ఒక పాట దొరకడానికీ ఇంకోటి దొరక్కపోవడానికీ తేడా ఇక్కడే ఉంది. అమీలియా పాట పొడుగ్గా ఉంది. ఆమె గొంతే రికార్డయింది కాబట్టి అక్షరాల్లో రాసినవాళ్ల చెవి అడ్డం రాలేదు. భాష తెలిసినవాళ్లు నేరుగా విన్నారు. చివరికి పల్లెలో రెండో పాఠం దొరికి మొదటిదాన్ని రుజువు చేసింది. డుబాయిస్ పాటకు మిగిలింది అచ్చులో స్వరాలు, ఇంగ్లిష్ అక్షరాలు.

దుబాయ్‌లోనో డల్లాస్‌లోనో పెరుగుతున్న మనవళ్లు అవ్వ పాటకు అర్థమేంటని అడిగితే, ఫోన్ తీసి ముందు ఆమె గొంతును మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేయండి. తప్పు పాడిందనిపించినా దిద్దవద్దు, ఆ తప్పే యాస కావచ్చు. ఎప్పుడు పాడేవారు, ఎవరు నేర్పారు అన్నది కూడా ఆమె గొంతుతోనే చెప్పించండి. ఆమె చెల్లెలు వేరే ఊళ్లో ఉంటే ఆమెతోనూ పాడించండి. ఇద్దరి పాటలు ఎక్కడ కలవవో అక్కడే ఎవరో ఒకరు తప్పు విన్నారని తెలుస్తుంది.

డుబాయిస్ పాటకు ఇప్పటికీ కావలసింది అలాంటి రెండో పాఠమే. ఆ ముత్తవ్వ వంశంలోనే ఇంకో శాఖలో ఎవరైనా వేరేగా పాడుకున్నది రాసిపెట్టి ఉండాలి, లేదా ఆఫ్రికాలో ఏ పల్లెలోనో ఆ స్వరాలకు సరిపోయే పాట ఎవరైనా పాడుతుండాలి. స్వరాలు 1903 నుంచీ పుస్తకంలో ఉన్నాయి, పోల్చి చూడటానికి ఎవరికీ అడ్డంకి లేదు.