వార్తల్లో పదం: సర్వేయర్ నియామక పత్రం

భారీ బీమా క్లెయిము వచ్చినప్పుడు, నష్టాన్ని స్వతంత్రంగా మదింపు చేసే లైసెన్సుదారైన సర్వేయరుకు బీమా సంస్థ పని పరిధిని, రుసుము ప్రాతిపదికను నిర్దేశిస్తూ ఇచ్చే లేఖే నియామక పత్రం; ఈ మదింపు వ్యవస్థకు 1938 నాటి బీమా చట్టంలోని 64యూఎం సెక్షను ఆధారం.

పరిధి అసంపూర్ణమైతే మదింపు కుంటుపడుతుంది. ఉదాహరణకు, 10 కోట్ల రూపాయల మిర్చి నిల్వకు 8 కోట్లకే బీమా ఉన్న శీతల గిడ్డంగిలో 2 కోట్ల సరుకు కాలిపోతే, తక్కువ బీమాకు అనులోమంగా కోత విధించే నిబంధన ప్రకారం, ఇతర మినహాయింపులకు ముందు, చెల్లింపు 1.60 కోట్లకు తగ్గుతుంది. లేఖ కాలిన సరుకును మాత్రమే లెక్కించమంటే, మిగిలిన నిల్వ తరలిపోయాక ఆ నిష్పత్తిని తేల్చడం కష్టమవుతుంది. అందువల్ల ప్రమాద కారణంతో పాటు మొత్తం నిల్వ విలువను, సాల్వేజ్‌ను, అంటే పనికొచ్చే మిగులు సరుకు విలువను కూడా అందులో చేర్చాలి.

రుసుము మదింపు మొత్తంలో శాతంగా ఉంటే అంకె పెరిగేకొద్దీ సర్వేయరు ఆదాయమూ పెరుగుతుంది కనుక, పనిగంటల ప్రాతిపదిక నిష్పాక్షికతను మెరుగ్గా కాపాడుతుంది. ప్రయాణ, ప్రయోగశాల ఖర్చులను విడిగా పేర్కొనాలి. అయితే సర్వేయరు నివేదిక తుది తీర్పు కాదని సుప్రీంకోర్టు 2009లో స్పష్టం చేసింది.