షీట్ మీద కట్టిన యాప్: ఎంతవరకు నడుస్తుంది, ఎలా బయటపడాలి

నో-కోడ్ యాప్ బిల్డర్ అంటే ప్రోగ్రాం రాయకుండా, తెర మీద కావలసినవి ఎంచుకుంటూ యాప్ తయారుచేసుకునే సాధనం. గూగుల్ 2020లో కొన్న యాప్‌షీట్ ఈ కోవలోదే. గూగుల్ షీట్‌లో ఒక పట్టిక చూపిస్తే చాలు, దాని నిలువు వరసలను చదివి ఫోన్‌లో నింపుకునే ఫారం తయారుచేస్తుంది. బబుల్, గ్లైడ్, జోహో క్రియేటర్ లాంటివి కట్టే తీరు వేరైనా, వాటి బలాలూ చిక్కులూ చాలావరకు ఇలాంటివే. ఒక టెంట్ హౌస్ లెక్కలను యాప్‌షీట్‌లో పెడితే ఏమవుతుందో చూస్తే ఆ సంగతి తేలికగా తెలుస్తుంది.

ఆ టెంట్ హౌస్‌లో 600 కుర్చీలు, 40 టేబుళ్లు, షామియానాలు, వంట గుండిగలు ఉన్నాయనుకోవచ్చు. ఏ ఊరికి ఏ సామాను వెళ్లింది, అడ్వాన్స్ ఎంత, వాపసు వచ్చినప్పుడు ఎన్ని తగ్గాయి అన్నదంతా ఒక నోటు పుస్తకంలో ఉంటుంది. దాన్ని సామాను, బుకింగ్‌లు, వాపసులు అని మూడు పట్టికలుగా విడదీసి షీట్‌లో పెడితే రెండు మూడు సాయంత్రాల్లో యాప్ తయారవుతుంది. కుర్రాడు విరిగిన కుర్చీని అక్కడికక్కడే ఫోటో తీసి నమోదు చేయవచ్చు. సిగ్నల్ లేని ఊళ్లో రాసిన వివరం ఫోన్‌లోనే ఉండి, సిగ్నల్ అందాక షీట్‌లోకి చేరుతుంది. ఇంతే పనికి ప్రోగ్రామర్‌ను పెట్టుకోవడం దండగ ఖర్చు.

ఈ పని ఇంత సాఫీగా సాగడానికి కారణాలున్నాయి. వాడేవాళ్లు నలుగురైదుగురు, అందరూ తెలిసినవాళ్లు. వాపసు వివరం ఒకసారి రాస్తే మరొకరు రాసే వివరంతో దానికి పేచీ ఉండదు. తప్పు పడితే ఒక ఫోన్ కాల్‌తో దిద్దుకోవచ్చు. పనికి ఈ మూడు గుణాలు ఉన్నంతకాలం నో-కోడ్ యాప్‌ను నిశ్చింతగా నమ్మవచ్చు.

మొదటి చిక్కు ముహూర్తాల రోజున వస్తుంది. ఉన్నవాటికి మించి కుర్చీలు బుక్ కాకుండా, సంఖ్య నింపే చోట ఇలాంటి నియమం పెడతారు:

```
[_THIS] <= 600 - SUM(SELECT(Bookings[Qty],
  AND([Item] = [_THISROW].[Item],
      [Date] = [_THISROW].[Date],
      [ID] <> [_THISROW].[ID])))
```

ఆ తేదీకి అప్పటికే బుక్ అయిన కుర్చీలను 600లోంచి తీసేసి, మిగిలినన్నిటికే ఒప్పుకొమ్మని దీని అర్థం. యజమాని ఒక్కడే బుకింగ్‌లు రాస్తే ఇది చక్కగా పనిచేస్తుంది. అయితే ఈ నియమం ఫోన్‌లో ఉన్న నకలునే చూస్తుంది, షీట్‌ను కాదు. యజమాని దుకాణంలో 400 కుర్చీలు రాసే వేళకే, కుర్రాడు సిగ్నల్ లేని ఊళ్లో అదే తేదీకి 350 రాశాడంటే, ఎవరి ఫోన్‌లో చూసినా 600 ఖాళీగానే కనిపిస్తాయి. రెండూ నమోదవుతాయి. సింక్ అయ్యాక చూస్తే 150 కుర్చీలు తక్కువ, అడ్వాన్స్‌లు మాత్రం ఇద్దరి దగ్గరా తీసుకున్నారు. సూత్రాన్ని ఎంత దిద్దినా ఇది పోదు. లెక్క చూడడం, నమోదు చేయడం ఒకే చోట, మధ్యలో ఇంకొకరు దూరకుండా జరగాలి. అసలైన డేటాబేస్ చేసే పని అదే. యాప్‌షీట్‌లోనే ఉండాలనుకుంటే, కుర్రాళ్లు రాసేది ‘కోరిక’గా మాత్రమే ఉంచి, ఖాయం చేసే అధికారం ఒక్కరికే ఇవ్వాలి.

రెండో చిక్కు మెల్లగా కమ్ముకొస్తుంది. ఏడాదికి 800 బుకింగ్‌లు, ఒక్కోదానికి నాలుగు రకాల సామాను అనుకుంటే 3,200 వరసలు. వరసల సంఖ్యగా ఇది పెద్దది కాదు. అయితే ప్రతి వరస పక్కన ‘ఆ రోజుకు మిగిలిన సరుకు’ చూపాలని వర్చువల్ కాలమ్ పెట్టారంటే, ఒక్కో వరస కోసం పట్టికంతా వెతకాలి. 3,200 సార్లు 3,200 అంటే కోటికి పైగా పోలికలు. రెండో ఏడు వరసలు రెట్టింపై, పోలికలు నాలుగు కోట్లు దాటతాయి. సింక్ గుర్తు ఆగకుండా తిరుగుతూ ఉండడం, కుర్రాళ్లు యాప్ వదిలి మళ్లీ కాగితం మీద రాసుకోవడం దీనికి గుర్తులు. పాత వరసలు ఫోన్‌లోకి రాకుండా `[Date] >= TODAY() - 60` అని సెక్యూరిటీ ఫిల్టర్ పెడితే ఫోన్‌కు భారం తగ్గుతుంది. సర్వర్ మాత్రం ముందు షీట్ మొత్తం చదివాకే వడపోస్తుంది. అందుకే పాత ఏడాది వరసలను వేరే షీట్‌కు మార్చడమే సరైన మందు.

పెళ్లివాళ్లే స్వయంగా యాప్‌లో బుక్ చేసుకోవాలన్న ఆశ మూడో చిక్కు. యాప్‌షీట్ రుసుము వాడేవారి సంఖ్యను బట్టి ఉంటుంది. నలుగురు పనివాళ్లకు సరిపోయే ఆ లెక్క ఊళ్లోని జనానికి సరిపోదు.

ఇవేవీ ఎదురుకాకపోయినా, సాధనమే మూతపడవచ్చు. గూగుల్‌కే చెందిన యాప్ మేకర్‌ను ఆపేస్తున్నట్టు 2020 జనవరిలో ప్రకటన వచ్చింది, 2021 జనవరి 19న అది ఆగిపోయింది. క్లౌడ్ ఎస్‌క్యూఎల్‌లో దాచుకున్న డేటా పదిలంగానే ఉంది. అయితే యాప్‌లను నేరుగా మరో వేదిక మీదికి మార్చే దారి లేకపోయింది, ఫారాలూ నియమాలూ మళ్లీ మొదటినుంచి కట్టుకోవాల్సి వచ్చింది. బబుల్‌లోనూ డేటాను దించుకోవచ్చు, యాప్ కోడ్‌ను దించుకోలేరు. కోడ్‌ను బయటికి ఇచ్చే ఫ్లటర్‌ఫ్లో లాంటివి ఉన్నాయి, కానీ ఆ కోడ్‌ను చదివి నడిపే మనిషి కావాలి.

కాబట్టి బయటపడే ఏర్పాటు పట్టిక గీసే రోజే మొదలవ్వాలి. ప్రతి వరసకూ `UNIQUEID()` తో సొంత గుర్తు పెట్టడం మొదటి పని. వరస సంఖ్యనే గుర్తుగా వాడితే, షీట్‌లో ఎవరో ఒక వరస తీసేసిన రోజున కింది వాపసులన్నీ వేరే బుకింగ్‌లకు అంటుకుంటాయి. తేదీలు 2025-04-03 అన్న రూపంలో దించుకోవాలి, 03/04 అని ఉంటే అది ఏప్రిల్ మూడా మార్చి నాలుగా అన్నది కొత్త సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఒకచోట ‘కుర్చీ’, మరోచోట ‘కుర్చీలు’, ఇంకోచోట ‘చైర్’ అని చేత్తో కొట్టనివ్వకుండా జాబితాలోంచి ఎంచుకునేలా చేయాలి. షీట్‌లో ఫోటో ఉండదు, ఫైల్ దారి మాత్రమే ఉంటుంది. డ్రైవ్‌లోని ఫోటోల ఫోల్డర్‌ను కూడా తీసుకెళ్లకపోతే విరిగిన కుర్చీలకు రుజువు మిగలదు.

అందరూ మరిచిపోయేది నియమాల సంగతి. ‘రెండు రోజుల పెళ్లికి అద్దె ఒకటిన్నర రెట్లు, విరిగిన కుర్చీకి అడ్వాన్స్‌లో కోత’ లాంటివి సూత్రాల్లో కూరుకుపోయి ఉంటాయి. వాటిని మామూలు తెలుగులో, పెట్టిన తేదీతో సహా ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. రేపు కొత్త సాఫ్ట్‌వేర్ కట్టేవారికి ఆ పుస్తకమే ఆధారం.

మారే సమయానికి మూఢం రోజులు అనువైనవి, బుకింగ్‌లు తక్కువగా ఉంటాయి. ఒక రాత్రి పాత యాప్‌లో రాయడం ఆపేసి, పట్టికలను సీఎస్‌వీ ఫైళ్లుగా దించి, కొత్తదానిలోకి ఎక్కించాలి. రెండింటిలోనూ రాసే పద్ధతి పెట్టుకుంటే ఏది నిజమో వారంలోనే తెలియకుండా పోతుంది. పాతది చూడడానికి మాత్రమే ఉంచుకోవాలి.

మారే ఆలోచన లేకపోయినా ఏడాదికోసారి ఈ పరీక్ష చేసి చూడండి. డేటా అంతా దించి, వేరే కంప్యూటర్‌లో తెరిచి, పోయిన ఏడాది బాగా రద్దీగా ఉన్న ముహూర్తం రోజున ఎన్ని కుర్చీలు బయట ఉన్నాయో లెక్కించండి. ఆ సంఖ్య యాప్ చూపిన సంఖ్యతో కలిస్తే డేటా చెక్కుచెదరకుండా బయటికి వస్తున్నట్టే.