చేయి కొరికితే ఆట బంద్

వానలు తగ్గాక మదనపల్లె, పుంగనూరు, కుప్పం వీధుల్లో కుక్కలు ఎక్కువగా పిల్లల్ని పెడతాయి. నెల తిరక్కుండానే వాటిలో ఒకటి ఏ బడిపిల్లాడి చంకనో ఎక్కి ఇంటికొస్తుంది. వారం గడిచేసరికి ఇంట్లో అందరి చేతుల మీదా గీతలే. నిజానికి అది మరో నెల తల్లి దగ్గరే ఉండాలి. సుమారు మూడో వారం నుంచి దానికి సూదుల్లాంటి పాలపళ్లు వస్తాయి. తోబుట్టువును గట్టిగా కొరికితే అది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఎంత నొక్కితే ఆట చెడుతుందో కుక్కపిల్లకు తెలిసేది అలాగే. ముందే విడదీసి తెస్తే ఆ పని మనమీద పడుతుంది.

బ్రిటిష్ పశువైద్యుడు ఇయాన్ డన్‌బార్ చెప్పే క్రమం నాకు సబబుగా తోస్తుంది. ముందు కాటు బలం తగ్గించాలి, కాటు మాన్పించడం ఆ తర్వాత.

రెండు నెలల పిల్ల అనుకుందాం. ముడులు వేసిన పాత తువ్వాలు ఒక చేత్తో పట్టుకుని, నేలమీద కూర్చుని ఆడించండి. పళ్లు నొప్పిగా దిగితే చేయి లాక్కోకండి. పారిపోయే చేయిని అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. చేతిని వదులుగా ఉంచి, మామూలు గొంతుతో "అబ్బా" అని, లేచి అటు తిరిగి నిలబడండి. దాన్ని చూడొద్దు, పలకరించొద్దు. పది ఇరవై సెకన్లు చాలు. ఇంకా సాగదీస్తే ఆట ఎందుకు ఆగిందో దానికి అర్థం కాదు. మళ్లీ కూర్చుని తువ్వాలు అందించండి. దాన్ని పట్టుకుంటే మెచ్చుకుని, చిటికెడు ఉడికిన గుడ్డు పెట్టండి. కాళ్ల వెంటపడితే మీరే తలుపవతలికి వెళ్లండి. గట్టి కాట్లు తగ్గాక మెత్తని కాటుకూ, చివరికి పళ్లు తగిలినా ఆట ఆపేయాలి.

మొదటి కొన్ని రోజులు కాట్లు పెరగొచ్చు. నిన్నటిదాకా ఫలించిన పని ఇవాళ ఫలించకపోతే అది మరింత గట్టిగా ప్రయత్నిస్తుంది. సరిగ్గా అప్పుడే తాతగారు "పసిది, ఆడుకోనీలే" అని చేయి అందిస్తారు! అక్కడితో అంతా మొదటికొస్తుంది. మూతిమీద కొడితే కొన్ని రెచ్చిపోతాయి, కొన్నిటికి చేయంటేనే భయం పట్టుకుంటుంది. ఎన్నిసార్లు ఆపినా పిచ్చిగా కొరుకుతుంటే అది నిద్ర చాలని పిల్ల కావచ్చు, పడుకోబెట్టండి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పళ్లు ఊడి కొత్తవి వస్తాయి. అప్పుడు తువ్వాలును తడిపి చల్లబరచి ఇస్తే చిగుళ్లకు హాయి. గిన్నె దగ్గర ఒళ్లు బిగించి గుర్రుమంటూ కరవడం మాత్రం ఆట కాదు. దాన్ని పశువైద్యుడికి చూపించాలి.

వీధి నుంచి తెచ్చిన పిల్లతో ఇంకో జాగ్రత్త. రేబిస్ పసి కుక్కలకూ వస్తుంది. సాధారణంగా మూడు నెలల వయసులో వేసే టీకా పడేదాకా దాన్ని చేతులతో ఆడనివ్వకపోవడమే మేలు. పన్ను గీరి రక్తం రాకపోయినా, సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి.