ఉతుకు గుర్తులు

దుస్తుల లోపలి కుట్టులో చేర్చే చిన్న గుడ్డ చీటీ మీద, ఆ దుస్తును ఎలా శుభ్రపరచాలో తెలిపే బొమ్మలు కొన్ని ముద్రించి ఉంటాయి. వాటిలో నీళ్ళ తొట్టి ఆకారంలో ఉన్నదానిని ఉతుకు గుర్తు అంటారు. చీటీని వాడుకలో కేర్ లేబుల్ అని పిలుస్తారు. తొట్టి లోపలి అంకె నీటి వేడిని, తొట్టి కింది గీతలు ఉతుకులో చూపవలసిన మృదుత్వాన్ని తెలుపుతాయి. ఉతుకు యంత్రంలో ఏ వేడిని, ఎంత స్పిన్ వేగాన్ని ఎంచుకోవాలన్నది ముఖ్యంగా ఈ రెండింటిపైనే ఆధారపడుతుంది. అయితే స్పిన్ విషయంలో ఆరబెట్టే గుర్తును కూడా చూడవలసి ఉంటుంది. చాలామంది దీనిని గమనించరు.

ఈ గుర్తులను 1963లో పారిస్‌లో ఏర్పడిన జినెటెక్స్ అనే సంఘం ప్రచారంలోకి తెచ్చింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వీటిని ఐఎస్ఓ 3758 అనే ప్రమాణంగా స్వీకరించింది. చీటీ మీద బొమ్మలు ఒక వరుసలో ఉంటాయి. తొట్టి ఉతుకును, త్రిభుజం బ్లీచింగును, చతురస్రం ఆరబెట్టడాన్ని, ఇస్త్రీపెట్టె బొమ్మ ఇస్త్రీని, వృత్తం డ్రైక్లీనింగ్ వంటి వృత్తిపరమైన శుభ్రతను సూచిస్తాయి. ఏ బొమ్మ మీదనైనా అడ్డదిడ్డంగా రెండు గీతలు కొట్టి ఉంటే ఆ పని చేయరాదని అర్థం.

తొట్టిలోని అంకె

తొట్టిలో 30, 40, 50, 60, 70, 95 అనే అంకెలలో ఏదో ఒకటి ఉంటుంది. ఇది సెల్సియస్ డిగ్రీలలో నీటి వేడి. ఆ వేడిలోనే ఉతకాలని దీని అర్థం కాదు, అంతకు మించరాదని మాత్రమే. 60 అని ఉన్న చొక్కాను 30 డిగ్రీల నీటిలో ఉతికితే దానికి ఏ హానీ లేదు. 30 అని ఉన్నదానిని 60లో ఉతికితే మాత్రం చెడిపోవచ్చు. తొట్టిలో చేయి ముంచినట్లు బొమ్మ ఉంటే దానిని చేతితోనే, 40 డిగ్రీలకు మించని నీటిలో ఉతకాలి.

ఈ హద్దు బట్ట నారను మాత్రమే చూసి పెట్టినది కాదు. బట్టకు వేసిన రంగు, లోపలి అస్తరు, గుండీలు, సాగే దారం, అంటించిన పూసలు అన్నింటినీ కలిపి, వాటిలో అన్నిటికంటే బలహీనమైనదానిని బట్టి పెడతారు. నూలు నార మరిగే నీటిని సైతం తట్టుకుంటుంది. అయినప్పటికీ ముదురు రంగు నూలు దుస్తుల మీద 40 లేదా 30 అని ఉండడానికి కారణం సాధారణంగా రంగే. నీరు వేడెక్కిన కొద్దీ నారకు గట్టిగా పట్టని రంగు ఎక్కువగా నీటిలోకి దిగుతుంది.

మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో నీటిని వేడిచేసే ఏర్పాటు లేని, పైనుంచి బట్టలు వేసే యంత్రాలు ఉన్నాయి. వాటిలో కుళాయి నీటి వేడే ఉతుకు వేడి. కనుక 30, 40 అనే హద్దులు దాటే అవకాశం తక్కువ. మురికి వదలడం కోసం గీజరు నీటిని బకెట్లతో పోసేటప్పుడే పొరపాటు జరుగుతుంది. గీజరు నుండి వచ్చే నీరు 60 డిగ్రీలకు చేరి ఉండవచ్చు. దానిలో అంతే కొలత 25 డిగ్రీల చన్నీరు కలిపితే మిశ్రమం 42 డిగ్రీలకు పైగా ఉంటుంది. ఒక బకెట్ వేడినీటికి రెండు బకెట్ల చన్నీరు కలిపితే సుమారు 37 డిగ్రీలు అవుతుంది కనుక 40 అని ఉన్న బట్టలకు సరిపోతుంది. నీళ్ళు కలిపిన తరువాతే బట్టలు వేయాలి.

తొట్టి కింది గీతలు

తొట్టి కింద గీత లేకపోతే సాధారణ ఉతుకు, ఒక గీత ఉంటే మృదువైన ఉతుకు, రెండు గీతలుంటే మిక్కిలి మృదువైన ఉతుకు అని అర్థం. అంకె నీటికి సంబంధించినదైతే, గీతలు బట్టను కుదిపే తీరుకు, పిండే తీరుకు సంబంధించినవి. యంత్రాల మీటల మీద ఇవి పేర్ల రూపంలో ఉంటాయి. గీత లేనిదానికి కాటన్, ఒక గీతకు సింథటిక్స్, రెండు గీతలకు డెలికేట్ లేదా ఊల్ అనే వరుసలు దాదాపుగా సరిపోతాయి.

ఒక గీత ఎక్కువగా పాలిస్టరు, నైలాను, ఆక్రిలిక్ వంటి కృత్రిమ నారల మీద, నూలుతో కలిపి నేసిన వాటి మీద కనిపిస్తుంది. ఈ నారలు వేడికి మెత్తబడి, చల్లారగానే అప్పుడున్న ఆకారంలోనే బిగుసుకుంటాయి. వేడినీటిలో మెత్తబడిన పాలిస్టరు చొక్కాను అలాగే గట్టిగా పిండితే, నలిగిన చోటల్లా ముడత నిలిచిపోతుంది. అందుకే ఈ వరుసలో యంత్రం నీటిని మెల్లగా చల్లార్చి, తక్కువ వేగంతో పిండుతుంది. డ్రమ్మును సగానికి మించి నింపకూడదు. కిక్కిరిసిన బట్టలు ఒకదానినొకటి నలిపివేస్తే వరుసను సరిగ్గా ఎంచుకున్నా ఫలితం ఉండదు.

రెండు గీతలు 40, 30 అంకెల కింద మాత్రమే ఉంటాయి. ఉన్ని దీనికి ముఖ్యమైన ఉదాహరణ. ఉన్ని నార మీద చేప పొలుసుల వంటి సూక్ష్మమైన పొలుసులు ఉంటాయి. తడిసిన నారలు కదులుతూ ఒకదానితో ఒకటి ఒరుసుకున్నప్పుడు ఈ పొలుసులు చిక్కుకుని, బట్ట దట్టంగా, చిన్నదిగా మారిపోతుంది. వేడి, క్షారగుణం గల సబ్బు ఈ మార్పును వేగిరపరుస్తాయి. ఇలా గడ్డకట్టిన స్వెట్టరు తిరిగి పాత కొలతకు రాదు. ఇక్కడ ఒక విశేషం ఉంది. ఉన్నిని పాడుచేసేది ప్రధానంగా కుదుపే గాని స్పిన్ కాదు. స్పిన్ తిరిగేటప్పుడు బట్టలు డ్రమ్ము గోడకు అంటుకుని కదలకుండా ఉంటాయి. అందువలన ఉన్ని వరుసలో ఉతుకు చాలా మెల్లగా ఉన్నా, చివర ఓ మోస్తరు స్పిన్ ఉంటుంది. నీరు నిండిన స్వెట్టరును తాడు మీద వేలాడదీస్తే తన బరువుకే సాగిపోతుంది కనుక, కొంత నీటిని తీసివేయడమే దానికి మేలు.

స్పిన్ వేగం

చీటీ మీద స్పిన్‌కు ప్రత్యేకమైన గుర్తు, అంకె ఏవీ లేవు. చతురస్రంలో వృత్తం ఉన్న బొమ్మను కొందరు స్పిన్ అని పొరబడతారు. అది వేడిగాలితో బట్టలు ఆరబెట్టే యంత్రానికి సంబంధించిన గుర్తు. స్పిన్ వేగాన్ని గీతలను బట్టి ఊహించుకోవాలి. సాధారణంగా గీత లేని నూలు బట్టలకు నిమిషానికి 1000 నుండి 1400 చుట్లు, ఒక గీత ఉన్నవాటికి 800 వరకు, రెండు గీతలున్నవాటికి 400 నుండి 600 వరకు వాడతారు.

ఈ తేడా చూడడానికి చిన్నదిగా కనిపించినా బట్ట మీద పడే బలంలో చాలా పెద్దది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. 48 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ము 600 చుట్లు తిరిగితే, బట్టను దాని బరువుకు సుమారు 100 రెట్ల బలంతో గోడకు నొక్కుతుంది. 1200 చుట్లు తిరిగితే అది 390 రెట్లకు చేరుతుంది.

స్పిన్ అసలు వద్దని చెప్పేది ఆరబెట్టే చతురస్రం. అందులో ఒక నిలువు గీత ఉంటే తాడు మీద ఆరవేయాలి. రెండు నిలువు గీతలుంటే పిండకుండా, నీరు కారుతుండగానే వేలాడదీయాలి. ఒక అడ్డగీత ఉంటే పరచి ఆరబెట్టాలి. రెండు అడ్డగీతలుంటే పిండకుండానే పరచాలి. అనగా చతురస్రంలో జంట గీతలు కనబడితే స్పిన్‌ను సున్నాకు తిప్పాలి.

ఒక ఉదాహరణ

ఒక ఇంట్లో ఉతకవలసినవి నాలుగు రకాలు ఉన్నాయనుకుందాం. తెల్లని నూలు తువ్వాళ్ళ మీద 60, గీత లేదు. ముదురు నీలం నూలు ప్యాంటు మీద 40, గీత లేదు. పాలిస్టరు కలిసిన చొక్కా మీద 40, ఒక గీత. ఎర్రని విస్కోస్ టాప్ మీద 30, రెండు గీతలు, చతురస్రంలో రెండు నిలువు గీతలు.

కలిపి ఉతికేటప్పుడు అన్నింటిలో తక్కువ అంకెను, ఎక్కువ గీతలను పాటించాలి. ఆ ప్రకారం నాలుగింటినీ ఒకేసారి వేస్తే 30 డిగ్రీలు, మిక్కిలి మృదువైన ఉతుకు, స్పిన్ లేకుండా ఉతకాలి. అప్పుడు ఏదీ చెడదు గాని తువ్వాళ్ళలోని చెమట, నూనె జిడ్డు పూర్తిగా వదలవు. పైగా అవి నీళ్ళోడుతూ బయటకు వస్తాయి. కనుక మూడు విడతలు చేయడం మంచిది.

తువ్వాళ్ళను విడిగా 60 డిగ్రీలలో, కాటన్ వరుసలో, 1200 స్పిన్‌తో ఉతకవచ్చు. డ్రమ్ములో బట్టల పైన అరచేయి పట్టేంత ఖాళీ ఉంటే చాలు. ప్యాంటును, చొక్కాను కలిపి 40 డిగ్రీలలో, సింథటిక్స్ వరుసలో, 800 స్పిన్‌తో వేయవచ్చు. ప్యాంటు మీద గీత లేకపోయినా మృదువుగా ఉతకడంలో తప్పు లేదు. అది కాస్త ఎక్కువ తడిగా వస్తుంది, అంతే. అయితే ప్యాంటు కొత్తదైతే ముందుగా లోపలి కుట్టు దగ్గర తడిపి, తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. గుడ్డకు నీలం అంటితే ఆ ప్యాంటును మొదటి కొన్ని ఉతుకులు ఒంటరిగానే వేయాలి.

ఎర్ర టాప్‌ను 30 డిగ్రీల డెలికేట్ వరుసలో, స్పిన్ లేకుండా ఉతికి వేలాడదీయాలి. విస్కోస్ కూడా నూలులాగే మొక్కల నుండి వచ్చేదే అయినా, తడిసినప్పుడు నూలు బలపడితే విస్కోస్ బాగా బలహీనపడుతుంది. తడి విస్కోస్‌ను మెలితిప్పి పిండితే కుట్ల దగ్గర చినిగే ప్రమాదం ఉంది.

పొరపాటు జరిగినప్పుడు దాని ఆనవాళ్ళు వేర్వేరుగా ఉంటాయి. చొక్కా మీద ఇస్త్రీకి లొంగని అడ్డదిడ్డపు ముడతలు వస్తే డ్రమ్ము కిక్కిరిసిందని, లేదా స్పిన్ ఎక్కువైందని గ్రహించవచ్చు. బట్ట చిన్నదై మందం కూడా పెరిగితే అది ఉన్ని గడ్డకట్టడం. తెల్లబట్టకు గులాబీ ఛాయ వస్తే రంగు అంటుకున్నట్లు. దానిని ఆరబెట్టకుండా, తడిగా ఉండగానే మళ్ళీ ఉతికితే కొంతవరకు వదలవచ్చు.

ఇతర దేశాల చీటీలు

అమెరికాలో సంరక్షణ సూచనలను 1971లో తప్పనిసరి చేశారు. మాటలకు బదులు గుర్తులు మాత్రమే వాడేందుకు 1997లో అనుమతించారు. అక్కడి చీటీలపై తొట్టిలో అంకెకు బదులు చుక్కలు కనిపించవచ్చు. ఒక చుక్క 30, రెండు 40, మూడు 50, నాలుగు 60 డిగ్రీలను సూచిస్తాయి. అమెరికా నుండి బంధువులు తెచ్చే దుస్తులలోను, అక్కడికి ఎగుమతి కోసం కుట్టి ఇక్కడ అమ్మే మిగులు దుస్తులలోను ఈ చుక్కలు కనబడతాయి. నీరు కారుతుండగా ఆరవేయడానికి అమెరికా గుర్తులో మూడు నిలువు గీతలు ఉంటాయి. జపానులో పూర్వం వేరే బొమ్మలు ఉండేవి. 2016 డిసెంబరు నుండి అక్కడ అంతర్జాతీయ గుర్తులను అనుసరిస్తున్నారు.

పరిమితులు

చీటీ బట్ట తట్టుకోగల హద్దును మాత్రమే చెబుతుంది. మరక పోతుందని హామీ ఇవ్వదు, ఏ సబ్బు వాడాలో చెప్పదు. 40 అని రాసి ఉన్నా పట్టుకు, ఉన్నికి ఎంజైములు కలిసిన సాధారణ సబ్బుపొడి పనికిరాదు. ఆ నారలు మాంసకృత్తులతో ఏర్పడినవి కావడం వలన, మాంసకృత్తుల మరకలను కరిగించే ఎంజైములు నారను కూడా దెబ్బతీస్తాయి. చీటీ లేని చేనేత బట్టలను, దర్జీ కుట్టిన దుస్తులను మొదటిసారి చన్నీటిలో, విడిగా, చేతితో ఉతికి రంగు సంగతి చూసుకున్న తరువాతనే యంత్రంలో వేయాలి.