పార్సిల్ వెనక్కొచ్చింది: ఏ ఏరియాలో, ఏ కారణంతో?

ఇంట్లోనే ఉంటాం. బెల్ మోగదు, ఫోన్ రాదు. సాయంత్రానికి మాత్రం ‘మీరు అందుబాటులో లేరు, డెలివరీ కుదరలేదు’ అని మెసేజ్ వచ్చి పడుతుంది. ఆన్‌లైన్‌లో కొనే అలవాటున్న వాళ్లలో ఇది ఎదురుకాని వారు తక్కువే. ఆ మెసేజ్ మనకు పంపి ఊరుకోరు. కొరియర్ హబ్‌లో అదొక లెక్కగా నమోదవుతుంది. రోజూ పొద్దున్నే ఏ పార్సిల్ ఏ బండి మీద, ఏ రూట్లో వెళ్లాలో తేల్చే డిస్పాచర్ ముందుకు ఆ లెక్క రిపోర్టుగా వస్తుంది. ఒక పక్క ఏరియాలు, ఇంకో పక్క కారణాలు, మధ్య గళ్లలో అంకెలు. చూడటానికి చిన్న పట్టికే. సరిగ్గా చదివితే రేపటి రూట్లు మారతాయి. తప్పుగా చదివితే తప్పు చేయని కుర్రాడికి తిట్లు పడతాయి.

ముందు ఆ గళ్లు ఎలా నిండుతాయో చూద్దాం. పొద్దున హబ్‌లో పార్సిళ్లను స్కాన్ చేసి, ఒక్కో డెలివరీ బాయ్‌కి ఒక్కో రన్‌షీట్ ఇస్తారు. అందులో ఉన్న ప్రతి పార్సిల్‌కూ రాత్రిలోగా ఏదో ఒక జవాబు నమోదు కావాలి. ఇచ్చేస్తే ‘డెలివర్డ్’. ఇవ్వలేకపోతే ఫోన్‌లో కనిపించే కారణాల్లోంచి ఒకటి నొక్కాలి. కస్టమర్ లేరు, తలుపు తాళం, అడ్రస్ దొరకలేదు, ఫోన్ ఎత్తలేదు, వేరే రోజు రమ్మన్నారు, క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు సిద్ధంగా లేదు, వద్దన్నారు... ఇలా ఉంటుంది జాబితా. చాలాచోట్ల రెండు మూడుసార్లు తిరిగినా ఇవ్వలేకపోతే పార్సిల్ అమ్మినవాళ్లకే వెనక్కి పోతుంది. హబ్ భాషలో దాన్ని ఆర్‌టీవో అంటారు. రానుపోను ఖర్చంతా దండగ.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. రిపోర్టులో ఉన్న కారణం జరిగిన సంగతి కాదు, జరిగిందని ఒక మనిషి నొక్కిన బటన్. ఎండలో, బండి మీద, ఇంకా ముప్పై పార్సిళ్లు మిగిలి ఉండగా నొక్కిన బటన్. జాబితాలో పైన ఏది ఉంటే దాని మీదికే వేలు పోతుంది. అందుకే చాలా హబ్‌లలో ‘కస్టమర్ లేరు’ అన్న గడి మిగతా వాటికంటే లావుగా ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు ఒక హబ్ ఉందనీ, అది కేపీహెచ్‌బీ, మూసాపేట, బాలానగర్ ఏరియాలు చూస్తుందనీ అనుకుందాం. అంకెలు లెక్క తెలియడానికి నేను వేసుకున్నవి, తీరు మాత్రం హబ్‌లలో మామూలుగా కనిపించేదే. ఒక వారంలో మొత్తం 2,400 ప్రయత్నాలు జరిగితే 300 ఫెయిలయ్యాయి. వీటిలో కేపీహెచ్‌బీవి 132, మూసాపేటవి 84, బాలానగర్‌వి 84.

తొందరపడే డిస్పాచర్ కేపీహెచ్‌బీ కుర్రాళ్లను నిలబెట్టి అడుగుతాడు. కానీ ఆ 132 అన్నది 1,200 ప్రయత్నాల్లో వచ్చిన అంకె, అంటే 11 శాతం. మూసాపేటలో 700కి 84, అంటే 12 శాతం. బాలానగర్‌లో 500కే 84, అంటే దాదాపు 17 శాతం. ఎన్ని పంపితే ఎన్ని తిరిగొచ్చాయన్నది పక్కన లేకపోతే పెద్ద ఏరియా ఎప్పుడూ దోషిగానే కనిపిస్తుంది.

అయితే బాలానగర్ నిజంగా అధ్వానమా? అక్కడి 84లో 68కి కారణం ‘మూసి ఉంది, ఎవరూ లేరు’. అదే రిపోర్టును వారాల వారీగా విడదీస్తే అసలు సంగతి తేలుతుంది. ఆదివారం అక్కడికి 90 పార్సిళ్లు పంపితే 48 తిరిగొచ్చాయి. బాలానగర్ అంటే ఇండస్ట్రియల్ ఏరియా. వర్క్‌షాపులకూ, చిన్న యూనిట్లకూ ఆదివారం సెలవు. ఆ ఒక్క రోజు తీసేస్తే మిగిలేవి 410 ప్రయత్నాలు, 36 ఫెయిల్. అంటే 9 శాతం లోపే. మూడు ఏరియాల్లో చివరన ఉందనుకున్నది ఆరు రోజులు అందరికంటే ముందుంది. ఇక్కడ మారాల్సింది కుర్రాడి పనితీరు కాదు, పంపే రోజు. కంపెనీ పేరుతో ఉన్న అడ్రస్‌లను శనివారమే ఇచ్చేయాలి, లేదా సోమవారానికి ఆపాలి. ఆ నిర్ణయం డిస్పాచర్ చేతిలోనే ఉంది.

మూసాపేట కథ వేరు. 84లో 45 ‘అడ్రస్ దొరకలేదు’. హైదరాబాద్ ఇంటి నంబర్లు తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. గీతలతో విడదీసిన మూడు నాలుగు అంకెలు, చివర బై నంబరు, ఆ పైన ఏ, బీ. ఒక నంబరు ఇల్లు కనబడితే తర్వాతి నంబరు పక్కనే ఉంటుందన్న నమ్మకం లేదు. పైగా సాయిబాబా గుడి దగ్గర, పాల బూత్ ఎదురుగా అని రాస్తారు. ఆ చుట్టుపక్కల గుళ్లూ బూత్‌లూ ఒకటికి మించి ఉంటాయి. ఆ సందులన్నీ తిరిగి తిరిగి పాత కుర్రాడికి కంఠతా వచ్చాయి. అతను ఉద్యోగం మానేసిన వారం నుంచే ఈ గడి పెరిగిందంటే, అడ్రస్‌లు అంతకుముందూ అలాగే ఉండేవనీ, లోటును ఒక మనిషి జ్ఞాపకశక్తి పూడుస్తూ వచ్చిందనీ అర్థం. కొత్తవాడిని మందలిస్తే ఆ జ్ఞాపకం వాడికి రాదు. పాతవాడు ఉన్నప్పుడే డెలివరీ అయిన ప్రతిచోటా మ్యాప్‌లో గుర్తు పెట్టించి ఉండాల్సింది. ఇప్పుడైనా రెండు మూడు రోజులు తెలిసినవాణ్ని వెంట పంపి ఆ గుర్తులు వేయించాలి.

పిన్‌కోడ్ ఇక్కడ పెద్దగా సాయపడదు. 1972 ఆగస్టు 15న వచ్చిన ఆ ఆరంకెల కోడ్ ఉత్తరాన్ని సరైన పోస్టాఫీసుకు చేర్చడానికి పుట్టింది. అక్కడి నుంచి ఇంటికి తీసుకెళ్లే పని ఆ వీధులెరిగిన పోస్ట్‌మ్యాన్‌ది. ఒక పిన్‌కోడ్ కింద పెద్ద అపార్ట్‌మెంట్లూ, ఇరుకు సందులూ, షెడ్లూ కలిసి ఉండొచ్చు. అందుకే రిపోర్టును పిన్‌కోడ్ వారీగా కాకుండా రూట్ వారీగా తీస్తేనే ఏదైనా తెలుస్తుంది. 2025లో తపాలా శాఖ తెచ్చిన డిజిపిన్ ఈ లోటును తీర్చే ప్రయత్నమే. హైదరాబాద్ ఐఐటీతోనూ, ఇదే బాలానగర్‌లో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతోనూ కలిసి దాన్ని రూపొందించారు. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల చదరాలుగా విడదీసి, ఒక్కో చదరానికి పది అక్షరాల కోడ్ ఇస్తుంది. సందులో ఏ గుమ్మమో చెప్పడానికి అది చక్కగా పనికొస్తుంది. ఎన్నో అంతస్తో మాత్రం చెప్పదు.

మూసాపేటలోనే ఇంకో గడి ఉంది. ‘వద్దన్నారు’, 19. జనం నిలకడ లేకుండా ఆర్డర్లిచ్చి మనసు మార్చుకుంటున్నారని దీన్ని తేలిగ్గా తీసేస్తారు. కానీ ఆ 19లో ఎన్ని మొదటి ప్రయత్నంలో వద్దన్నవో చూడాలి. 12 రెండోసారో మూడోసారో వెళ్లినప్పుడు వద్దన్నవని తేలిందనుకోండి. పెళ్లికని తెప్పించుకున్న చీర పెళ్లయ్యాక వస్తే ఎవరు తీసుకుంటారు? మొదటి రోజు అడ్రస్ దొరక్కపోవడమే నాలుగో రోజు ‘వద్దన్నారు’గా వేషం మార్చుకుంది. ప్రయత్నాల లెక్కతో పాటు పార్సిళ్ల లెక్క కూడా వేరుగా ఉండాలనేది ఇందుకే. మూడుసార్లు తిరిగొచ్చిన ఒక పార్సిల్ రిపోర్టులో మూడు ఫెయిల్యూర్లుగా కనిపిస్తుంది, ఇబ్బంది పడిన కస్టమర్ మాత్రం ఒక్కరే. మొదటి ప్రయత్నంలోనే ఎన్ని అందాయన్నది ఒక్కటి చూసినా హబ్ ఎలా నడుస్తోందో చాలావరకు తెలిసిపోతుంది.

ఇక కేపీహెచ్‌బీ. 132లో 70 ‘కస్టమర్ లేరు’. మొదట్లో చెప్పిన మెసేజ్ పుట్టేది ఈ గడిలోంచే. దీన్ని గంటల వారీగా పరిస్తే రెండు కుప్పలు కనిపిస్తాయి. 44 పొద్దున పదింటికీ ఒంటిగంటకూ మధ్యవి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఫ్లాట్లు. ఇవి నమ్మదగ్గవే. తప్పు ఏమిటంటే మర్నాడు కూడా అదే రూట్లో, అదే పదకొండింటికి మళ్లీ పంపడం. ఒకసారి పగలు తాళం కనబడిన ఇంటికి రెండో ప్రయత్నం సాయంత్రమే ఉండాలి, లేదా ముందే ఫోన్ చేసి వాచ్‌మన్ దగ్గర పెట్టమంటారా అని అడగాలి.

రెండో కుప్ప 26. రెండు రూట్లలో, రాత్రి 7:40కీ 8 గంటలకూ మధ్య నొక్కినవి. ఒకదానికీ ఇంకోదానికీ అర నిమిషం తేడా. ఫోన్ ఉన్న చోటు చూస్తే అన్నీ ఒకే మెయిన్ రోడ్డు మీద. కాల్ రికార్డులో కస్టమర్లకు ఫోన్ చేసిన జాడ లేదు. పది అపార్ట్‌మెంట్లలో పదిమంది ఇళ్లకు ఆ వేళలో వెళ్లి రావడం ఎవరి వల్లా కాదు. అవి ప్రయత్నాలే కావు. అక్కడ నొక్కింది అబద్ధం.

అబద్ధమని తేలాక ఆగిపోకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఆ రెండు రూట్ల రన్‌షీట్లు తీసి చూడాలి. మిగతావాళ్లకు 55 పార్సిళ్లు ఇచ్చి వీళ్లకు 75 ఇచ్చారేమో, వీళ్ల బండి హబ్ నుంచి బయల్దేరేసరికే పదకొండైందేమో. ఇంటింటికీ లిఫ్ట్ కోసం ఆగుతూ, గేటు దగ్గర పేరు రాస్తూ, ఓటీపీ కోసం నిలబడుతూ తిరిగేవాడికి 75 చీకటి పడేలోగా పూర్తికావు. చాలామందికి జీతం డెలివరీ అయిన పార్సిల్ లెక్కన వస్తుంది, తిరిగొచ్చినదానికి రూపాయి రాదు. ఇవ్వగలిగితే వాడే ఇచ్చేవాడు. చాలా యాప్‌లలో ‘టైమ్ చాల్లేదు, వెళ్లలేదు’ అని నిజం చెప్పే బటన్ ఉండదు, ఉన్నా అది నొక్కితే హబ్‌లో చీవాట్లు. అప్పుడిక చేతికందేది ‘కస్టమర్ లేరు’. నిజం చెప్పే బటన్ పెట్టి, దానికి శిక్ష లేదని చెప్పి, ఆ పార్సిళ్లను ఫెయిల్యూర్లలో కలపకుండా ‘వెళ్లలేదు’ అని వేరే నిలువు వరుసలో రాస్తే, డిస్పాచర్ ఎంత బరువు ఎక్కువ ఎక్కించాడో ఆ వరుస తనకే చూపిస్తుంది. ఇంట్లో ఉన్న మనిషికి ‘మీరు లేరు’ అనే మెసేజ్ కూడా ఆగుతుంది.

మార్పులు చేశాక వచ్చే రిపోర్టును చదవడంలోనూ చిక్కుంది. ‘కస్టమర్ లేరు’ తగ్గించమని పై నుంచి టార్గెట్ వస్తే అది తగ్గుతుంది, ‘వేరే రోజు రమ్మన్నారు’ అంతే పెరుగుతుంది. వేలు పక్క బటన్ మీదికి జరిగిందంతే. కాబట్టి ఒక్క గడి తగ్గితే సరిపోదు, అదే ఏరియాలో మొత్తం ఫెయిల్యూర్ల శాతం కూడా దిగాలి. రోజుకు పది మందికి ఫోన్ చేసి ‘నిన్న మావాడు వచ్చాడా, మీరు రేపు రమ్మన్నారా’ అని అడిగితే ఇంకా నికరంగా తెలుస్తుంది. చిన్న రూట్ల విషయంలో ఓపిక పట్టాలి. వారానికి 20 పార్సిళ్లు వెళ్లే చోట 2 తిరిగొస్తే 10 శాతం, 4 వస్తే 20. ఊళ్లో ఒక ఫంక్షన్ జరిగినా, ఒక్క రోజు వాన పడినా ఆ తేడా వస్తుంది. అలాంటి చోట మూడు నాలుగు వారాల అంకెలు కలిపి చూశాకే రూట్ మార్చాలా వద్దా అన్నది తేల్చాలి.